మూడు పాళ్ల దగ్గర ఆగిన పెన్ను

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ లెక్చరర్ రిటైరవుతూ తన ప్రశ్నల నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. అట్ట ఊడిపోయి, మూలలు ముడుచుకుపోయిన రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. సగం పేజీల్లో ప్రశ్నలు, మిగతా సగంలో వాటి మీద ఆయన చేసుకున్న దిద్దుబాట్లు. ఆల్కహాళ్ల చాప్టర్ దగ్గర ఒక ప్రశ్న మాత్రం పేజీ అంతా ఆక్రమించుకుని ఉంది. చూడటానికి రెండు లైన్ల ప్రశ్న.

3,3-డైమిథైల్‌బ్యూటన్-2-ఓల్‌ను 85% ఫాస్ఫారిక్ ఆమ్లంతో వేడి చేసినప్పుడు ఏర్పడే ప్రధాన ఉత్పన్నం ఏది?

(ఎ) 3,3-డైమిథైల్‌బ్యూట్-1-ఈన్
(బి) 2,3-డైమిథైల్‌బ్యూట్-1-ఈన్
(సి) 2,3-డైమిథైల్‌బ్యూట్-2-ఈన్

నాలుగో ఆప్షన్ చోట మూడు కొట్టివేతలున్నాయి. దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ చర్య మీద ఎవరికీ సొంత హక్కు లేదు. ప్రపంచంలో ఏ ఆర్గానిక్ పాఠ్యపుస్తకం తెరిచినా ఏదో ఒక రూపంలో కనబడుతుంది. దాన్ని ఆప్షన్లుగా పేర్చిన తీరులోనే పనితనమంతా ఉంది. ఇన్నేళ్లుగా క్లాసులో ఇస్తున్నాను, ఇప్పటికీ సగానికి పైగా పిల్లలు (ఎ) దగ్గరే దొరికిపోతారు. అంతమంది తప్పు చేసే ప్రశ్నను మామూలుగా నేను నమ్మను. భాష సరిగా లేకపోయినా, అచ్చుతప్పు ఉన్నా కూడా అంతమంది తప్పుతారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ప్రతి మాటా సూటిగానే ఉంది. పిల్లలకు తెలిసిన విషయమే వాళ్లను పక్కదారి పట్టిస్తోంది.

ముందు ఫ్లాస్కులో ఏం జరుగుతుందో చూద్దాం. అణువును ఇలా రాసుకోవచ్చు:

(CH3)3C–CH(OH)–CH3

OH ఉన్న కార్బన్‌కు ఒక పక్క మామూలు మిథైల్ ఉంది, రెండో పక్క మూడు మిథైళ్లు మోస్తున్న బరువైన కార్బన్. ఆమ్లం నుంచి ఒక ప్రోటాన్ OH మీదకు వస్తుంది. OH కాస్తా నీరైపోయి జారుకుంటుంది. ఆ కార్బన్ మీద ప్లస్ మిగులుతుంది, అంటే సెకండరీ కార్బోకాటయాన్. ఇంతవరకు ప్రతి పిల్లవాడూ కళ్లు మూసుకుని రాస్తాడు.

ఇప్పుడు ఆల్కీన్ రావాలంటే ప్లస్ పక్కనున్న కార్బన్ ఒక హైడ్రోజన్‌ను వదులుకోవాలి. బరువైన కార్బన్ వైపు చూస్తే హైడ్రోజన్ లేదు, అన్నీ మిథైళ్లే. కాబట్టి రెండో వైపు మిథైల్ నుంచే తీయాలి. తీస్తే 3,3-డైమిథైల్‌బ్యూట్-1-ఈన్, అంటే ఆప్షన్ (ఎ).

పిల్లల ఆలోచన సరిగ్గా ఇక్కడే ఆగుతుంది. ఆగడానికి కారణం బద్ధకం కాదు. వాళ్లు రెండు వైపులా చూశారు, ఒక వైపు హైడ్రోజన్ లేదని గమనించారు, సెయిట్జెఫ్ నియమం వాడే అవకాశమే లేదని తేల్చుకున్నారు. పని పూర్తిగా చేశామన్న తృప్తి వాళ్లకు దక్కింది. మూడుసార్లు ఆలోచించి తప్పు చేసినవాడు ఒకసారి కూడా ఆలోచించనివాడి కంటే గట్టిగా టిక్ పెడతాడు. జవాబు పత్రాల్లో (ఎ) మీద పెన్ను నొక్కిన గుర్తు వెనక పేజీ దాకా దిగుతుంది!

కానీ ప్లస్ అక్కడ కుదురుగా కూర్చోదు. పక్కనున్న బరువైన కార్బన్ మీది మిథైళ్లలో ఒకటి తన ఎలక్ట్రాన్ జంటతో సహా ఖాళీగా ఉన్న కార్బన్ మీదకు జరుగుతుంది. మిథైల్ వెళ్లిపోయిన కార్బన్ ఇప్పుడు ప్లస్ మోస్తుంది:

(CH3)2C⁺–CH(CH3)2

ఇది టెర్షియరీ కాటయాన్. ఎంత స్థిరమైందో ఇంటర్ పిల్లలకు తెలిసిన లెక్కతోనే చూపించవచ్చు. ప్లస్ పక్క కార్బన్ల మీదున్న హైడ్రోజన్లు తమ బంధపు ఎలక్ట్రాన్లను కాస్త ఇటు వంచి ప్లస్‌కు ఊతమిస్తాయి. దాన్నే హైపర్‌కాంజుగేషన్ అంటాం. మొదటి కాటయాన్‌కు అలాంటి హైడ్రోజన్లు మూడే, అవీ ఒక పక్కనే. మిథైల్ జరిగాక ఏడు వస్తాయి, రెండు మిథైళ్ల మీద ఆరు, పక్క CH మీద ఒకటి. మూడు నుంచి ఏడుకు ఒక్క అడుగులో. (నిజానికి నీరు పూర్తిగా విడిపోయాకే మిథైల్ కదులుతుందా, విడిపోతుండగానే కదులుతుందా అన్నది వేరే చర్చ. క్లాసులో రెండు మెట్లుగానే రాస్తాం, జవాబు మారదు.)

ఈ కొత్త కాటయాన్ హైడ్రోజన్‌ను రెండు చోట్ల నుంచి వదులుకోగలదు. పక్కనున్న CH నుంచి వదిలితే ద్విబంధం మధ్యలో పడి 2,3-డైమిథైల్‌బ్యూట్-2-ఈన్ వస్తుంది, అది (సి). చివర మిథైళ్లలో ఒకదాన్నుంచి వదిలితే 2,3-డైమిథైల్‌బ్యూట్-1-ఈన్, అది (బి).

ఈ చర్యను 1930ల ఆరంభంలోనే అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ కాలేజీలో ఫ్రాంక్ విట్‌మోర్ బృందం వివరంగా పరిశీలించింది. అణువుల్లో కార్బన్ అస్థిపంజరమే మారిపోయే రకరకాల చర్యలన్నిటి వెనకా ఎలక్ట్రాన్లు చాలని కార్బన్ ఉందని, దాని ఆకలి తీర్చడానికే పక్క గుంపు జరుగుతుందని విట్‌మోర్ 1932లో ప్రతిపాదించాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ చర్యకు ఇచ్చే అంకెలు ఇవి: వచ్చిన ఆల్కీన్ల మిశ్రమంలో (సి) 64 పాళ్లు, (బి) 33 పాళ్లు, (ఎ) 3 పాళ్లు.

నోట్‌బుక్‌లో ఆ మూడు అంకెలను మూడు ఆప్షన్ల పక్కన పెన్సిల్‌తో రాసి, కింద ఒక మెట్ల బొమ్మ గీశారు మా సీనియర్. ఆ బొమ్మ చూశాక గానీ ప్రశ్నలోని అసలు పనితనం నాకు అర్థం కాలేదు. షిఫ్ట్ అన్నదే తట్టనివాడు 3 పాళ్ల దగ్గర ఆగుతాడు. షిఫ్ట్ చేసి, హైడ్రోజన్ ఎక్కడ తీయాలో తడబడినవాడు 33 దగ్గర ఆగుతాడు. రెండూ దాటినవాడు 64కు చేరతాడు. ఒక్కో ఆప్షన్ ఒక్కో మెట్టు. పిల్లవాడు ఏ అక్షరం మీద టిక్ పెట్టాడో చూస్తే చాలు, ఎక్కడ దిగిపోయాడో తెలిసిపోతుంది, రఫ్ పేపర్ చూడక్కర్లేదు. ఒక్క మార్కు ప్రశ్నతో ఇంత రోగనిర్ధారణ చేయడం మాటలు కాదు.

(బి) దగ్గర ఆగేవాళ్ల తప్పు నాకు మరీ ముచ్చటేస్తుంది. వాళ్లది లెక్క బాగా వచ్చినవాళ్ల తప్పు. టెర్షియరీ కాటయాన్ దగ్గరకు వచ్చి హైడ్రోజన్లు లెక్కపెడతారు. మిథైళ్ల మీద ఆరు, CH మీద ఒకటి. ఆరుకు ఒకటి, కాబట్టి (బి)యే ఎక్కువ వస్తుందంటారు. ఏ హైడ్రోజన్ పోయినా ఒకటే అయితే ఆ వాదనకు తిరుగు లేదు. కానీ హైడ్రోజన్ పోతుండగానే అక్కడ ద్విబంధం రూపుదిద్దుకుంటోంది, ఆ ద్విబంధం ఎంత స్థిరమైందన్నది వేగాన్ని మారుస్తుంది. మళ్లీ పాత లెక్కే వేసి చూడండి, ద్విబంధం పక్క కార్బన్ల మీద ఎన్ని హైడ్రోజన్లు ఉన్నాయో. (సి)కి పన్నెండు. (బి)కి నాలుగు. (ఎ)కి సున్నా, ఒక్కటి కూడా లేదు. పన్నెండు, నాలుగు, సున్నా. ఆ పక్కన 64, 33, 3. రెండు వరసలూ ఒకే దిశలో దిగుతున్నాయి. ఆరు రెట్లు ఎక్కువ హైడ్రోజన్లు ఉండి కూడా (బి) చివరకు (సి)లో సగం దగ్గరే ఆగిందంటే, సెయిట్జెఫ్ నియమానికి ఎంత బలముందో ఆ ఒక్క అంకెలోనే తెలుస్తుంది.

ఈ అణువునే ఎందుకు ఎంచుకున్నట్టు? ఇలాంటి ప్రశ్న నేనూ ఒకటి తయారు చేద్దామని కూర్చుని భంగపడ్డ రోజు ఆ సంగతి తెలిసొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక యూనిట్ టెస్టుకు 3-మిథైల్‌బ్యూటన్-2-ఓల్ తీసుకున్నాను. ఇందులో OH పక్క కార్బన్ మీద రెండు మిథైళ్లు, ఒక హైడ్రోజన్ ఉంటాయి. ఆమ్లంతో వేడి చేస్తే హైడ్రైడ్ షిఫ్ట్ జరిగి టెర్షియరీ కాటయాన్ వస్తుంది, అక్కడి నుంచి 2-మిథైల్‌బ్యూట్-2-ఈన్. జవాబు కీ రాసి అచ్చుకిచ్చాను. క్లాసులో దాదాపు అందరికీ మార్కు వచ్చింది. బాగా చెప్పానని పొంగిపోయాను కూడా.

పేపర్లు పంచేటప్పుడు ఒకడి రఫ్ వర్క్ కంటబడింది. షిఫ్ట్ ఊసే లేదు. సెకండరీ కాటయాన్ వేశాడు, పక్క CH నుంచి హైడ్రోజన్ తీసేశాడు. 2-మిథైల్‌బ్యూట్-2-ఈన్ వచ్చింది. నా జవాబే! షిఫ్ట్ చేసినా చేయకపోయినా అక్కడికే చేరే దారి అది. ప్లస్ రెండో కార్బన్ మీదుంటే మూడో దాన్నుంచి హైడ్రోజన్ పోతుంది, మూడో దాని మీదుంటే రెండో దాన్నుంచి పోతుంది, ద్విబంధం పడేది మాత్రం ఆ రెండిటి మధ్యనే. నేను కొలవాలనుకున్నదాన్ని నా ప్రశ్న కొలవనే లేదు. తప్పు ఆలోచనకు కూడా పూర్తి మార్కులిచ్చి పంపించాను.

మా సీనియర్ ప్రశ్నలో ఆ దారి మూసేసి ఉంది. OH పక్క కార్బన్ మీద హైడ్రోజన్‌ను తీసేసి మూడో మిథైల్ పెట్టగానే, షిఫ్ట్ లేకుండా (సి)కి చేరే మార్గం పూర్తిగా తెగిపోయింది. (సి) అస్థిపంజరమే వేరు, మిథైల్ జరిగితే తప్ప అది రాదు. పైగా ఆ మూడు మిథైళ్లూ ఒకే రకం కాబట్టి, ఏది జరిగిందన్న సందేహానికి తావు లేదు. హైడ్రైడ్ జరగాలా మిథైల్ జరగాలా అన్న మీమాంసా రాదు, ఎందుకంటే ఆ పక్క జరగడానికి హైడ్రోజన్ లేదు, రెండో పక్క నుంచి జరిగితే ప్రైమరీ కాటయాన్ వస్తుంది, అటు ఎవరూ పోరు. జరగగలిగిన షిఫ్ట్ ఒక్కటే. ఆరు కార్బన్ల అణువులో ఇంతకన్నా పొదుపుగా ప్రశ్న కట్టడం కష్టం. మూడు మిథైళ్లు ఉన్న ఆ మూల పరిశీలకుడికి బల్ల గుద్ది చెప్తున్నట్టే ఉంటుంది, ఇక్కడ చూడు అని. చూసేవాడికి అది సూచన, చూడనివాడికి అదే అడ్డుగోడ.

3-మిథైల్‌బ్యూటన్-2-ఓల్‌ను తప్పుబట్టడం లేదు. అదే అణువుకు HBr ఇస్తే చక్కటి ప్రశ్న అవుతుంది, ఎందుకంటే బ్రోమిన్ ఎక్కడ కూర్చుందో చూస్తే ప్లస్ ఎక్కడుందో తెలిసిపోతుంది. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆల్కహాళ్ల అధ్యాయం చివరి అభ్యాసాల్లో అది ఉంది కూడా. కాకపోతే అక్కడ 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్ వస్తుందని ప్రశ్నలోనే చెప్పేసి, మెకానిజం రాయమన్నారు. అది చాలనట్టు కింద సూచన ఇచ్చి, సెకండరీ కాటయాన్ హైడ్రైడ్ షిఫ్ట్ వల్ల టెర్షియరీగా మారుతుందని కూడా విప్పి చెప్పేశారు. నేర్పడానికి అది సరైన పద్ధతి, ఒప్పుకుంటాను. పరీక్షించడానికి మాత్రం పనికిరాదు. వలను చేపకు ముందే చూపించినట్టు ఉంటుంది.

ఇక కొట్టివేతల సంగతి. నాలుగో ఆప్షన్ చోట మొదట 2-మిథైల్‌పెంట్-2-ఈన్ అని రాసి ఉంది. ఆరు కార్బన్లే, ఆల్కీనే, పేరు చూస్తే మిగతావాటి తమ్ముడిలా ఉంది. కానీ ఈ ఆల్కహాల్ నుంచి అక్కడికి ఏ పిల్లవాడూ ఏ పొరపాటు దారిలోనూ చేరడు. ఎవరూ టిక్ పెట్టని ఆప్షన్ ఉన్నా లేనట్టే, నాలుగు ఆప్షన్ల ప్రశ్న మూడుకు పడిపోతుంది. దాన్ని కొట్టేశారు. తర్వాత 3,3-డైమిథైల్‌బ్యూట్-2-ఈన్ అని రాశారు. గీసి చూస్తే మూడో కార్బన్‌కు ఐదు బంధాలు వస్తాయి, అలాంటి అణువే ఉండదు. పేరును పేరుగా మాత్రమే చూసేవాడు దాన్ని ఎంచుకుంటాడు, నిజమే. కానీ లేని అణువును ఆప్షన్‌గా పెట్టడం నాకూ నచ్చదు, ఆయనకూ నచ్చినట్టు లేదు. మూడోసారి రాసింది 3,3-డైమిథైల్‌బ్యూటన్-2-ఓన్, కీటోన్. ఆమ్లాన్ని ఆక్సీకరణ కారకంగా పొరబడేవాళ్ల కోసం. స్టెమ్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్నన్నాళ్లు అది నడిచినట్టుంది. సల్ఫ్యూరిక్ స్థానంలో ఫాస్ఫారిక్ వేశాక దాన్నీ కొట్టేశారు.

కొట్టివేతల కింద చివరకు నిలిచింది ఈథర్. రెండు ఆల్కహాల్ అణువుల మధ్య నుంచి ఒక నీటి అణువు పోతే వచ్చేది. ఎందుకు నిలిచిందో ఇంటర్ పాఠం చెప్పినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఇథనాల్‌ను 443 కెల్విన్ దగ్గర సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడి చేస్తే ఇథీన్, 413 దగ్గర అయితే ఈథర్. ఈ రెండు అంకెలు పిల్లలు ఫోన్ నంబరులా బట్టీ పడతారు. ఉష్ణోగ్రత ఇవ్వకుండా ‘వేడి చేసినప్పుడు’ అంటే కొందరికి ఆ 413 గుర్తొస్తుంది. కానీ ఈథర్ రావాలంటే రెండో ఆల్కహాల్ అణువు వెనక నుంచి వచ్చి తగులుకోవాలి. మూడు మిథైళ్లు కాపలా కాసే కార్బన్ పక్కన అంత చోటు దొరకదు. బట్టీ మీద బతికేవాడు ఏ మెట్టూ ఎక్కకుండానే ఇక్కడ పడతాడు. నాలుగు ఆప్షన్లకూ నలుగురు మనుషులు దొరికారన్నమాట.

ఒక ఏడాది ఈ ప్రశ్న మీద ఒక అమ్మాయి నాతో వాదన పెట్టుకుంది. (ఎ) పెట్టింది, మార్కు పోయింది. టెస్ట్ పేపర్ పట్టుకుని స్టాఫ్ రూమ్‌కు వచ్చింది.

“సార్, (ఎ) కూడా వస్తుంది కదా? రాదని మీరు అనలేదుగా.”

“వస్తుందమ్మా. వందలో మూడు పాళ్లు.”

“అంటే నేను రాసింది తప్పు కాదు.”

“చర్యగా తప్పు కాదు. ‘ప్రధాన’ అన్న మాటకు జవాబు కాదు.”

ఆ పిల్ల ఊరుకోలేదు. “ఆ మూడు, మిగతా తొంభై ఏడు అని ఎవరు చూశారు సార్? అన్నీ కలిసే ఉంటాయి కదా?” అంది. నిజంగా అడగాల్సిన ప్రశ్నే అది, పుస్తకంలో అంకె చూసి మనం అడగడం మానేస్తాం. ఈ మూడు ఆల్కీన్లను విడదీయడం తేలికే, మరిగే ఉష్ణోగ్రతలు బాగా దూరం దూరంగా ఉంటాయి. (ఎ) 41 డిగ్రీల దగ్గర, (బి) 56 దగ్గర, (సి) 73 దగ్గర మరుగుతాయి. మంచి ఫ్రాక్షనేటింగ్ కాలమ్ ఉంటే ఒకదాని వెనక ఒకటి వరసగా దిగుతాయి. ఏది ఏదో తేల్చడానికి ఓజోనాలిసిస్ చాలు. ఓజోన్ ద్విబంధాన్ని సరిగ్గా మధ్యకు నరుకుతుంది. (సి)ని నరికితే రెండు ముక్కలూ ఎసిటోనే, ఇంకేమీ రాదు. (బి)ని నరికితే ఒక కీటోన్, ఒక ఫార్మాల్డిహైడ్. (ఎ)ని నరికితే ఫార్మాల్డిహైడ్‌తో పాటు మూడు మిథైళ్లూ ఒకే కార్బన్‌ను అంటిపెట్టుకుని ఉన్న ఆల్డిహైడ్. మొదటి అణువులో ఒక కార్బన్ మీద మూడు, పక్క కార్బన్ మీద ఒకటిగా ఉన్న మిథైళ్లు చివర ఎసిటోన్ ముక్కల్లో రెండేసి చొప్పున కనబడితే, మధ్యలో ఒకటి ఇల్లు మారిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆమెకు కాగితం మీద గీసి చూపించాను. చివర ఎసిటోన్ మాత్రమే మిగలడం చూసి చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది.

ఒక జాగ్రత్త ఆమెకు చెప్పలేదు, ఇక్కడ చెప్తాను. అన్ని ప్రశ్నల్లోనూ ‘ప్రధాన’ అన్న మాట ఇంత నిశ్చింతగా నిలబడదు. 3-మిథైల్‌బ్యూట్-1-ఈన్‌కు HCl కలిపితే నా యూనిట్ టెస్టు ప్రశ్నలోని సెకండరీ కాటయానే, అదే హైడ్రైడ్ షిఫ్ట్. కానీ ఇక్కడ క్లోరైడ్ పక్కనే కాచుకుని ఉంటుంది, హైడ్రైడ్ జరిగేలోపే కొన్ని కాటయాన్లను పట్టేసుకుంటుంది. పాఠ్యపుస్తకాల్లో కనబడే అంకెల ప్రకారం షిఫ్ట్ తర్వాత వచ్చే క్లోరైడ్ 60 పాళ్లు, షిఫ్ట్ లేకుండా వచ్చేది 40. కొన్ని పుస్తకాలు చెరి సగం అని కూడా వేస్తాయి. ఇలాంటిదాన్ని ఒక్క మార్కు ప్రశ్నగా ఇచ్చి 40 పాళ్ల జవాబు రాసినవాడికి సున్నా వేయడానికి నాకు చేయి రాదు. తటస్థంగా చూస్తే వాడు దాదాపు సగం ఫ్లాస్కును సరిగ్గానే ఊహించాడు. జేఈఈ మెయిన్‌లో అయితే సున్నా కూడా కాదు, ఒక మార్కు ఎదురు పోతుంది. స్థిరమైన కాటయాన్ గెలుస్తుందన్నది నిజమే, ఎంత తేడాతో గెలుస్తుందన్నది పక్కన ఎవరు కాచుకుని ఉన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ప్రశ్న బలం ఇక్కడ మరోసారి తెలుస్తుంది. అందులో కాటయాన్‌ను మధ్యలో పట్టుకుపోయేవాళ్లు పెద్దగా ఎవరూ లేరు, మిథైల్‌కు జరగడానికి తీరిక ఉంది. 3 పాళ్లకు, 64కు మధ్య ఏ పేపర్ సెట్టర్ అయినా ధైర్యంగా గీత గీయగలడు.

పిల్లలు షిఫ్ట్‌ను మరిచిపోతే తప్పు వాళ్లదే అనలేం. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీ 40. ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. ఆ వేగంలో కాటయాన్ గీసి, పక్క కార్బన్ చూసి, మిథైల్ జరిపి, మళ్లీ హైడ్రోజన్ తీసే ఓపిక ఎవరికుంటుంది? అందుకే నేను క్లాసులో ఒక అలవాటు పెట్టాను. ప్లస్ గీసిన వెంటనే పెన్ను ఎత్తాలి. ఎత్తి పక్కింటి కార్బన్లను చూడాలి, ఎవరి దగ్గర ఎక్కువ మంది ఉన్నారో. చూశాకే మళ్లీ పెన్ను దించాలి. అంతే, రెండు సెకన్ల పని. ఈ రెండు సెకన్లు పెట్టినవాళ్లలో (ఎ) దగ్గర ఆగేవాళ్లు నాకు తక్కువే కనబడ్డారు.

దీనికో దుష్ఫలితం ఉంది, మా సీనియర్‌కు అదీ తెలుసు. షిఫ్ట్ కొత్తగా నేర్చినవాడు కనబడిన ప్రతి అణువునూ జరిపేస్తాడు. అందుకని నోట్‌బుక్‌లో పేజీ తిప్పగానే జోడీ ప్రశ్న ఉంది. అదే అస్థిపంజరం, ఈసారి వెనక్కి. 3,3-డైమిథైల్‌బ్యూట్-1-ఈన్‌కు, అంటే ఇందాకటి 3 పాళ్ల ఆల్కీన్‌కు, నీరు చేర్చాలి. కారకాలు మూడు. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే కాటయాన్ వస్తుంది, మిథైల్ జరుగుతుంది, OH టెర్షియరీ కార్బన్ మీద పడి 2,3-డైమిథైల్‌బ్యూటన్-2-ఓల్ వస్తుంది. మెర్క్యూరిక్ ఎసిటేట్, నీళ్లు, ఆ తర్వాత సోడియం బోరోహైడ్రైడ్ వాడితే పాదరసం రెండు కార్బన్లనూ కలిపి వంతెనలా పట్టుకుంటుంది. ప్లస్ పూర్తిగా ఒక కార్బన్ మీద పడదు. పక్కింట్లో ఖాళీ లేనప్పుడు మిథైల్ ఎక్కడికి పోతుంది? ఏమీ జరగదు, 3,3-డైమిథైల్‌బ్యూటన్-2-ఓల్ వస్తుంది. మనం మొదలుపెట్టిన ఆల్కహాలే. ఇక డైబోరేన్ వాడి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ముగిస్తే బోరాన్, హైడ్రోజన్ ఒకేసారి వచ్చి కూర్చుంటాయి. కాటయాన్ ఊసే లేదు, OH చివరి కార్బన్ మీద పడి 3,3-డైమిథైల్‌బ్యూటన్-1-ఓల్ వస్తుంది. ఈ పద్ధతి కనిపెట్టిన హెర్బర్ట్ బ్రౌన్‌కు 1979లో నోబెల్ వచ్చింది. ఒక ఆల్కీన్, మూడు కారకాలు, మూడు వేరు వేరు ఆల్కహాళ్లు. ఒకదానికి సరైన జవాబు మరొకదానికి తప్పు. ఆప్షన్లు మార్చకుండా స్టెమ్‌లో కారకం ఒక్కటే మారిస్తే కీ మారిపోతుంది.

స్టాఫ్ రూమ్‌కు వచ్చి వాదించిన అమ్మాయి క్లాసుకే, రెండు వారాల తర్వాత ఈ జోడీ ప్రశ్న ఇచ్చాను, పాదరసం కారకంతో. ఆమె పేపర్ ప్రత్యేకంగా తీసి చూశాను. పేజీ మార్జిన్‌లో బొమ్మ శుభ్రంగా గీసింది. రెండో కార్బన్ మీద ప్లస్, పక్కన మూడు మిథైళ్లు, ఒక మిథైల్ నుంచి వంపు తిరిగిన బాణం. 2,3-డైమిథైల్‌బ్యూటన్-2-ఓల్ మీద గట్టిగా టిక్. దాని పక్కన చిన్న అక్షరాలతో, “ఈసారి షిఫ్ట్ మర్చిపోలేదు సార్.”